640 మందికి మా కొత్త వెబ్‌సైట్ గురించి చెప్పాం, 9 ఆర్డర్లే వచ్చాయి. ఎక్కడ తప్పు చేశాం?

పద్మావతి (అనంతపురం) · సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. అనంతపురం పాతూరులో మాకు ఓళిగల అంగడి ఉంది. 19 ఏళ్లుగా నేనూ మా ఆయనా నడుపుతున్నాం. పప్పు ఓళిగ, కొబ్బరి ఓళిగ, చెనిక్కాయ ఓళిగ, వాటితో పాటు కారాలు, పొడులు. కొనేవాళ్లలో చాలామంది పిల్లలు బెంగళూరులో ఉన్నారు. శుక్రవారం వచ్చిందంటే "మా వాడికి పంపాలమ్మా, ప్యాక్ గట్టిగా కట్టండి" అనే మాటే ఎక్కువ వింటాం. ఆ ఆర్డర్లు ఫోన్‌లో రాసుకునేటప్పుడు అడ్రస్‌లు తప్పుపోతున్నాయని మా తోడికోడలి కొడుకు వెబ్‌సైట్ చేసిచ్చాడు. డబ్బు కట్టడం, అడ్రస్ రాయడం అన్నీ అందులోనే.

దాని గురించి మూడు విధాలుగా చెప్పాం. బిల్లు పుస్తకాల్లోని 640 నంబర్లను మూడు బ్రాడ్‌కాస్ట్ లిస్టులుగా చేసి వాట్సాప్‌లో పంపాం. బిల్లు అడుగున వెబ్‌సైట్ పేరు, క్యూఆర్ కోడ్ వేశాం. కౌంటర్ దగ్గర మేము, మా దగ్గర పనిచేసే అమ్మాయి నోటితో చెబుతున్నాం. 12 రోజులైంది. వచ్చినవి 9 ఆర్డర్లు, వాటిలో 4 మా చుట్టాలవే.

జనానికి ఇష్టం లేదేమో, ఆపేద్దాం అంటున్నారు మా ఆయన. ఇష్టం లేకనా, అసలు వాళ్లకు తెలియకనా అన్నది నాకు తేలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నాగేంద్ర (గుత్తి) · సోమవారం రాత్రి 10:40

అక్కా, వెబ్‌సైట్ చేయించడానికి ఎంత అయింది? మాకు ఎరువుల అంగడి ఉంది, మేమూ చేయించాలని చూస్తున్నాం. గూగుల్‌లో మొదట రావాలంటే యాడ్స్‌కు నెలకు ఎంత పెట్టాలో కూడా చెప్పండి.

పద్మావతి (అనంతపురం) · సోమవారం రాత్రి 10:51

తమ్ముడూ, ఇంటి పిల్లోడు చేశాడు కాబట్టి నాకు పేరు, హోస్టింగ్ ఖర్చు మాత్రమే పడింది. యాడ్స్ మేము ఇవ్వలేదు. నేను అడిగేది కొత్తవాళ్ల గురించి కాదు. 19 ఏళ్లుగా మా దగ్గర కొంటున్నవాళ్లకే ఈ సంగతి చేరడం లేదు, అదీ నా బాధ.

సుబ్బారెడ్డి (ప్రొద్దుటూరు, బట్టల వ్యాపారం) · మంగళవారం ఉదయం 7:05

పద్మావతి గారూ, బ్రాడ్‌కాస్ట్ దండగ. గ్రూప్ పెట్టండి. ఒక గ్రూప్‌లో 1024 మంది దాకా పడతారు, మీ 640 మందీ ఒక్కదాంట్లోనే సరిపోతారు. అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ పెట్టుకోండి. మంచి రంగుల పోస్టర్ ఒకటి చేయించి, దాని మీద వెబ్‌సైట్ పేరు పెద్దగా వేసి రోజూ పొద్దున పెట్టండి. మాకు 380 మంది గ్రూప్ ఉంది, కొత్త చీరలు వచ్చాయని పెడితే సాయంత్రానికి జనం వస్తారు.

కేశవులు (కర్నూలు, బిల్లింగ్ మెషిన్ల సర్వీస్) · మంగళవారం ఉదయం 9:30

అమ్మా, జనానికి ఇష్టం లేదనే మాట ఇప్పుడే వద్దు. ముందు మూడు సంగతులు చూసి చెప్పండి.

ఒకటి. మీరు పంపిన బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే `Info` అని వస్తుంది. అందులో `Delivered to`, `Read by` అని రెండు వరుసలుంటాయి. మూడు లిస్టుల్లోనూ ఆ రెండు వరుసల్లో కలిపి ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. ఆ మెసేజ్ ఏ నంబర్ నుంచి పంపారో కూడా చెప్పండి.

రెండు. మీ బిల్లు అడుగు భాగం ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి. ఎన్ని లైన్లు, క్యూఆర్ ఎంత వెడల్పు, స్కేలు పెట్టి కొలవండి.

మూడు. కౌంటర్‌లో అమ్మాయి ఏ మాటలతో చెబుతోందో ఆ మాటలే రాయండి.

పద్మావతి (అనంతపురం) · మంగళవారం మధ్యాహ్నం 3:20

అన్నా, ఇప్పుడే లెక్కపెట్టాను. చేరింది మొదటి లిస్టులో 22 మందికి, రెండో దాంట్లో 9, మూడో దాంట్లో 7. మొత్తం 38. నా గుండె జారిపోయింది. వెబ్‌సైట్ కోసం విడిగా ఉండాలని కొత్త సిమ్ తీసుకున్నాం, దాంట్లోనుంచే పంపాం. 19 ఏళ్లుగా అందరి దగ్గరా ఉన్నది మా ఆయన నంబర్.

బిల్లు సంగతి. ప్రింటర్ రెండు ఇంచులది. తెలుగులో "మా కొత్త వెబ్‌సైట్" అని పెడితే ప్రశ్నార్థకాలు వచ్చాయి, అందుకని పిల్లోడు ఇంగ్లిష్‌లో వేశాడు. అడుగున ఇలా వస్తుంది (మా పేరు బదులు example అని రాస్తున్నా):

```
Visit our new website
https://www.example.in/?utm_sour
ce=bill&utm_medium=print&utm_cam
paign=newsite
```

దాని కింద క్యూఆర్, కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు. మా అమ్మాయి చెప్పే మాట: "మాకు వెబ్‌సైట్ వచ్చింది సార్, చూడండి."

కేశవులు (కర్నూలు) · మంగళవారం రాత్రి 8:45

సగం జవాబు మీరే చెప్పేశారమ్మా. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకు 256 మంది దాకా చేర్చుకోనిస్తుంది. కానీ తమ ఫోన్‌లో మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మీ దగ్గర వాళ్ల నంబర్ ఉంటే చాలదు. కొత్త సిమ్ నంబర్‌ను 640 మందిలో ఎవరు సేవ్ చేసుకుని ఉంటారు? ఆ 38 మందీ మీ చుట్టాలు, పక్క అంగళ్లవాళ్లే అయి ఉంటారు. మిగతా 602 మందికి మీ మెసేజ్ చేరనేలేదు. 38 మందిలో 9 ఆర్డర్లంటే అది చెడ్డ లెక్క కాదు.

మీ ఆయన నంబర్‌ను వాట్సాప్ బిజినెస్ యాప్‌లోకి మార్చండి. ముందు చాట్‌లన్నీ బ్యాకప్ తీసుకుని, బిజినెస్ యాప్ వేసుకుని, అదే నంబర్ ఇస్తే పాత చాట్‌లు దాంట్లోకి వస్తాయి. ఒక నంబర్ ఒకేసారి మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ ఉండదు, అది గుర్తుంచుకోండి. మారాక ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ పేరు పెట్టే చోటు ఉంటుంది, అక్కడ పెట్టండి.

బిల్లు గురించి రేపు తీరిగ్గా రాస్తాను. దానికి కొంచెం వివరం కావాలి.

సుబ్బారెడ్డి (ప్రొద్దుటూరు) · మంగళవారం రాత్రి 9:10

అందుకే గ్రూప్ అన్నాను. గ్రూప్‌లో చేర్చితే వాళ్లు నంబర్ సేవ్ చేసుకోకపోయినా మెసేజ్ కనబడుతుంది కదా.

హసీనా (కడప, టైలరింగ్) · మంగళవారం రాత్రి 9:55

సుబ్బారెడ్డి అన్నా, కనబడే మాట నిజమే. కానీ మెసేజ్‌తో పాటు మనుషుల నంబర్లూ కనబడతాయి. నాకు జరిగింది చెబుతాను. బ్లౌజు కుట్టించుకునేవాళ్లందరినీ ఒక గ్రూప్‌లో వేశాను, 140 మంది. అందరూ ఆడవాళ్లే అనుకున్నాను. కొందరు ఇచ్చింది ఇంట్లో మగవాళ్ల నంబర్. ఒకమ్మాయికి రాత్రిళ్లు తెలియని నంబర్ నుంచి మెసేజ్‌లు రావడం మొదలైంది. నంబర్ ఎక్కడిదని వెతికితే నా గ్రూప్‌లోదే. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, కానీ మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఇప్పటికీ ఆ వీధిలో వెళ్తే వాళ్ల గుమ్మం వైపు చూడలేను.

తర్వాత వాట్సాప్‌లోనే ఉండే కమ్యూనిటీకి మారాను. అందులో ప్రకటనల గ్రూప్‌లో ఒకరి నంబర్ ఇంకొకరికి కనబడదు, అడ్మిన్లకే కనబడుతుంది. అది కూడా అడిగి, సరే అన్నవాళ్లనే చేర్చాను. పద్మావతక్కా, మీ దగ్గర ఆడవాళ్లే ఎక్కువ కొంటారు కదా, మామూలు గ్రూప్ మాత్రం పెట్టకండి.

సుబ్బారెడ్డి (ప్రొద్దుటూరు) · మంగళవారం రాత్రి 10:20

ఇది నేను ఆలోచించలేదమ్మా. మా గ్రూప్‌లోనూ నంబర్లు కనబడుతున్నాయి. పక్క అంగడి వాళ్లు మా కస్టమర్లకు మెసేజ్‌లు పెట్టారని ఒకసారి విన్నాను, ఎక్కడ దొరికాయో అనుకున్నాను. ఇక్కడివేనేమో.

ఇమ్రాన్ (కడప, వెబ్ పనులు) · బుధవారం ఉదయం 8:15

పోస్టర్ గురించి ఒక మాట. ఫోటో మీద వెబ్‌సైట్ పేరు ఎంత పెద్దగా రాసినా వేలితో నొక్కితే తెరుచుకోదు. చూసినవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి, టైప్ చేయాలి. ఎవరూ చేయరు. లింక్ అక్షరాల్లో ఉండాలి.

పద్మావతి గారూ, మీ మెసేజ్ ఎలా రాశారో పెట్టగలరా?

పద్మావతి (అనంతపురం) · బుధవారం ఉదయం 11:00

"ప్రియమైన కస్టమర్లకు నమస్కారం. మీ ఆదరాభిమానాలతో 19 సంవత్సరాలు పూర్తి చేసుకున్న మేము నూతన వెబ్‌సైట్‌ను ప్రారంభించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. తప్పక సందర్శించగలరు." కింద లింక్.

ఇమ్రాన్ (కడప) · బుధవారం మధ్యాహ్నం 12:30

మర్యాదగా ఉంది. కానీ దీన్ని చదివిన తల్లి ఏం చేయాలి? ఆమె అనంతపురంలోనే ఉంటుంది, మీ అంగడికి నడిచి వస్తుంది. ఆమెకు వెబ్‌సైట్ అక్కరలేదు. అవసరం బెంగళూరులో ఉన్న కొడుక్కి, కూతురికి. వాళ్ల నంబర్లు మీ దగ్గర లేవు, తల్లి దగ్గర ఉన్నాయి. అంటే ఆమె చేయాల్సిన పని మెసేజ్‌ను కొడుక్కి పంపడం. "ప్రియమైన కస్టమర్లకు" అని మొదలైన మెసేజ్‌ను ఏ తల్లీ కొడుక్కి ఫార్వర్డ్ చేయదు.

ఇలా రాసి చూడండి:

```
బెంగళూరులో ఉన్న మీ పిల్లలకు ఇది పంపండి.
శుక్రవారం సాయంత్రం 5 లోపు ఓళిగలు ఆర్డర్ పెడితే
ఆ రాత్రే అనంతపురం నుంచి బయలుదేరతాయి.
https://example.in/w
```

సమయాలు మీకు వీలయ్యేవే వేసుకోండి, తప్పితే మాట పోతుంది. లింక్ టైప్ చేశాక ఒకట్రెండు క్షణాలు ఆగండి. కింద చిన్న బొమ్మ, పేరు వస్తాయి, అవి వచ్చాకే పంపండి. తొందరపడితే వట్టి లింక్ వెళ్తుంది, వట్టి లింక్ చూస్తే జనం భయపడతారు. బొమ్మ రాకపోతే పేజీలో ఏ బొమ్మ చూపాలో చెప్పే `og:image` లైను లేదని అర్థం, లేదా బొమ్మ మరీ బరువుగా ఉందని. 300 కేబీ లోపు ఉంచమని మీ పిల్లోడికి చెప్పండి.

ఇంకోటి. మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు మీరు విడిగా మెసేజ్ పెడితే, వాళ్లు జవాబివ్వకుండా లేదా నంబర్ సేవ్ చేయకుండా ఆ లింక్ నొక్కినా తెరుచుకోదు. అందుకని మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికీ పంపుదామని కూర్చోకండి. కొందరు రిపోర్ట్ కొడతారు. రిపోర్టులు ఎక్కువైతే నంబరే ఆగిపోతుంది. అది మీ 19 ఏళ్ల నంబర్.

నాగేంద్ర (గుత్తి) · బుధవారం మధ్యాహ్నం 1:05

వాట్సాప్ గొడవ ఎందుకు, బల్క్ ఎస్ఎంఎస్ కొడితే అందరికీ పోతుంది కదా?

కేశవులు (కర్నూలు) · బుధవారం మధ్యాహ్నం 1:40

పోతుంది నాగేంద్రా, కానీ ముందు ఫోన్ కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో అంగడి పేరు, పంపే హెడర్, మెసేజ్ మాటలు అన్నీ రిజిస్టర్ చేయాలి. 2024 అక్టోబర్ నుంచి ఎస్ఎంఎస్‌లో పెట్టే లింక్‌ను కూడా ముందే నమోదు చేయాలి, లేకపోతే మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. వేలమందికి పంపేవాళ్లకు అది సరే. 640 మందికి అంత పని అక్కరలేదు.

కేశవులు (కర్నూలు) · బుధవారం రాత్రి 9:15

ఇప్పుడు బిల్లు. రెండు ఇంచుల థర్మల్ ప్రింటర్‌లో అడ్డంగా 384 చుక్కలు పడతాయి, మిల్లీమీటరుకు 8. మామూలు అక్షరం 12 చుక్కల వెడల్పు, కాబట్టి లైనుకు 32 అక్షరాలు. మీ లింక్ సరిగ్గా 32వ అక్షరం దగ్గర విరిగి మూడు లైన్లైంది. `utm` తోక లెక్కలకోసం, అది మనుషులు చదవాల్సింది కాదు. అక్షరాల్లో `example.in` అని మాత్రం ఉండాలి. దాన్ని రెట్టింపు వెడల్పులో వేస్తే లైనుకు 16 అక్షరాలు పడతాయి. మీ పేరు అంతలో ఉంటే ఒక్క లైన్లో పెద్దగా వస్తుంది.

క్యూఆర్‌కు కూడా అదే జబ్బు. లోపల ఎన్ని అక్షరాలు ఎక్కిస్తే అన్ని గడులు పెరుగుతాయి. మీ పొడుగు లింక్‌కు అడ్డం 37 గడులు. ఒకటిన్నర సెంటీమీటరులో 120 చుక్కలే ఉంటాయి, అంటే గడికి మూడు చుక్కలు, పైన ఇంకొంచెం. ఆ "ఇంకొంచెం" దగ్గరే చెడుతుంది. కొన్ని గడులు మూడు చుక్కలు, కొన్ని నాలుగు పడి అంచులు అతుక్కుపోతాయి. ఖరీదైన ఫోన్ చదువుతుంది, పాత ఫోన్ చదవదు. `https://example.in/b` అని చిన్న లింక్ పెడితే 25 గడులు చాలు. గడికి 6 చుక్కలు ఇస్తే 150 చుక్కలు, చుట్టూ నాలుగు గడుల తెల్లజాగా కలిపి 198. మీ కాగితంలో సుఖంగా పడుతుంది. ఆ తెల్లజాగా వదలకుండా పక్కనే గీతలు, అక్షరాలు వేస్తే చదవదు.

బొమ్మగా అతికించడం కన్నా ప్రింటర్ చేతే క్యూఆర్ వేయించే వీలు మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అది వాడండి, గడులు సమంగా వస్తాయి. తెలుగు లైనును మాత్రం బొమ్మగానే పెట్టాలి. ఈ చిన్న ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, అందుకే మీకు ప్రశ్నార్థకాలు వచ్చాయి.

పరీక్ష ఇలా చేయండి. బిల్లు తీసి, నలిపి జేబులో వేసుకుని, సాయంత్రం లైటు వెలుతురులో మీ అంగట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్‌తో చదివించండి. నిలువునా తెల్లగీత పడుతుంటే ప్రింటర్ హెడ్ మురికి పట్టిందని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది తడిపి తుడవండి. ఆ గీత మూలనున్న పెద్ద చతురస్రం మీదుగా పోతే చాలా ఫోన్లు చదవలేవు.

వసుంధర (ధర్మవరం, రిటైర్డ్ టీచర్) · గురువారం ఉదయం 6:50

నేను వ్యాపారిని కాను, కొనేదాన్ని. మీరెవరూ చెప్పనిది ఒకటి చెబుతాను. మాలాంటివాళ్లకు క్యూఆర్ అంటే డబ్బు కట్టేది. పోయిన నెల ఒక అంగట్లో బిల్లు మీద ఇలాంటిదే ఉంటే పేమెంట్ యాప్ తెరిచి స్కాన్ చేశాను. "చెల్లని కోడ్" అని వచ్చింది. వాళ్ల ఖాతాలో ఏదో తేడా ఉందనుకుని నగదు ఇచ్చి వచ్చాను. అది వెబ్‌సైట్‌ది అని ఇప్పుడు ఈ చర్చ చదివాకే అర్థమైంది. నా పక్కనున్న ఆమె అయితే "ఏందబ్బా, ఒకసారి కట్టినాం కదా, మళ్లా స్కాన్ చేస్తే ఇంకోసారి పోతాయేమో" అని బిల్లు మడిచేసింది.

నోటిమాట సంగతి కూడా. మా అక్క ఇలాగే ఒక అంగడి పేరు చెప్పి వెబ్‌సైట్ చూడమంది. ఓళిగను ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి? `oliga`, `olige`, `holige`? గూగుల్‌లో తోచినట్టు కొట్టాను. బెంగళూరు అంగళ్లు వచ్చాయి. ఆఖరికి అక్కడే కొన్నాను.

పద్మావతి (అనంతపురం) · గురువారం ఉదయం 10:30

టీచరమ్మా, ఇది చదివి మా అమ్మాయిని అడిగాను. "అవునక్కా, నలుగురైదుగురు ఫోన్‌పేలో కొట్టి రావట్లేదన్నారు, నేనే పక్కన ఉన్న పేమెంట్ క్యూఆర్ చూపించాను" అంది. 12 రోజులు ఆ మాట నా చెవిన పడలేదు.

కేశవులు (కర్నూలు) · గురువారం ఉదయం 11:15

చాలా ముఖ్యమైన మాట చెప్పారు మేడమ్. నేను ప్రింటర్ వైపు నుంచే చూస్తున్నాను. క్యూఆర్ పైన తెలుగులో "డబ్బు కట్టడానికి కాదు. ఫోన్ కెమెరాతో చూడండి, ఆర్డర్ పేజీ వస్తుంది" అని ఉండాలి. పేమెంట్ స్టాండుకు ఆనించి బిల్లు పెట్టకూడదు.

ఇమ్రాన్ (కడప) · గురువారం మధ్యాహ్నం 2:00

పేరు ఎలా రాయాలో తెలియనప్పుడు నోటితో పేరు చెప్పడం మానేయాలి. అందరికీ తెలిసిన మీ ఆయన నంబరే దారి. "ఈ నంబర్‌కు హాయ్ అని పెట్టండి, లింక్ వస్తుంది" అంటే చాలు. బిజినెస్ యాప్‌లో గ్రీటింగ్ మెసేజ్ అని ఉంటుంది, అందులో లింక్ పెట్టేయండి. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్లకు, 14 రోజులుగా మాట్లాడనివాళ్లకు దానంతట అదే వెళ్తుంది. మధ్యలో అడిగినవాళ్లకు క్విక్ రిప్లై ఒకటి తయారుచేసుకుని ఒక్క నొక్కుతో పంపండి. వాళ్లే ముందు మెసేజ్ పెట్టారు కాబట్టి లింక్ తెరుచుకుంటుంది. కానీ హాయ్ పెట్టినంత మాత్రాన బ్రాడ్‌కాస్ట్ చేరదు, దానికి నంబర్ సేవ్ చేసుకోవాల్సిందే. ఆ మాట కూడా అక్కడే అడగండి.

గూగుల్ మ్యాప్స్‌లో మీ అంగడి ఉంటే ఆ ప్రొఫైల్‌లోనూ వెబ్‌సైట్ పెట్టండి. వసుంధర గారిలా వెతికేవాళ్లకు మీ అంగడి పేరుతో దొరుకుతుంది.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఒక్కో దారికి ఒక్కో చిన్న లింక్ ఇవ్వండి. మీ పిల్లోడు `.htaccess`లో ఇవి వేస్తే చాలు:

```
Redirect 302 /w https://example.in/?utm_source=whatsapp
Redirect 302 /b https://example.in/?utm_source=bill
Redirect 302 /m https://example.in/?utm_source=counter
```

302 అనే వేయమనండి. 301 వేస్తే ఫోన్లు గుర్తుపెట్టుకుంటాయి, రేపు పేజీ మార్చాలంటే కొందరికి పాతదే తెరుచుకుంటుంది. క్యూఆర్‌ను ఉచితంగా చేసిచ్చే సైట్లలో లింక్‌ను వాళ్ల సొంత చిరునామా మీదుగా తిప్పే రకం తీసుకోకండి. నా కస్టమర్ ఒకరు 5,000 విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాక ట్రయల్ గడువు అయిపోయింది, కోడ్ కొడితే డబ్బు కట్టమనే పేజీ వచ్చింది. కార్డులన్నీ చెత్తబుట్టకే.

పద్మావతి (అనంతపురం) · నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

ఇన్నాళ్లూ చూసి, లెక్క తేలాకే రాద్దామని ఆగాను.

మా ఆయన నంబర్ మార్చడానికి నాలుగు రోజులు ఒప్పుకోలేదు. ఇంటి గ్రూపులన్నీ దాంట్లోనే ఉన్నాయని ఆయన భయం. బ్యాకప్ తీసి మార్చాం, ఏదీ పోలేదు. ఇమ్రాన్ తమ్ముడు రాసిచ్చిన మాటల్లో టైమ్ ఒక్కటే మార్చి, బుధవారం పొద్దున మూడు లిస్టులకూ పంపాం. ఈసారి చేరింది 287 మందికి. మొదటి వారంలోనే `/w` నుంచి 31 ఆర్డర్లు. వాటిలో 20కి పైగా పేర్లు మాకు తెలియనివి, అడ్రస్‌లన్నీ బెంగళూరువే. తల్లులు పంపారు.

బిల్లు సరిచేశాక ఇప్పుడు బాగానే చదువుతోంది. అయినా నాలుగు వారాల్లో `/b` నుంచి 3 ఆర్డర్లే. మొదట నిరాశపడ్డాను. తర్వాత ఒక సంగతి కళ్లారా చూశాను. ఒకావిడ బెంగళూరు నుంచి వచ్చి, పోయినసారి పెట్టె మూత లోపల మేం పెట్టిన బిల్లు చూపించింది. నెయ్యి తగిలిన చోటల్లా అక్షరాలు పోయి కాగితం తెల్లగా ఉంది. క్యూఆర్‌లో ఒక మూల లేనే లేదు. తినేవాళ్ల చేతికి చేరేది పెట్టె, ఆ పెట్టెలో మేం పంపుతున్నది చెరిగిపోయిన కాగితం.

అందుకని మామూలు ప్రెస్‌లో 3 సెంటీమీటర్ల క్యూఆర్‌తో స్టిక్కర్లు వేయించి పెట్టె మూతకు బయట అంటిస్తున్నాం. దానికి `/p` అని విడిగా లింక్. 16 రోజుల్లో 22 ఆర్డర్లు.

కౌంటర్‌లో అమ్మాయి ఇప్పుడు అందరికీ చెప్పదు. "పిల్లలకు పంపాలి" అన్నవాళ్లకే చెబుతుంది: "ఈ నంబర్‌ను ఓళిగల అంగడి అని సేవ్ చేసుకోండమ్మా, మీ బాబును హాయ్ అని పెట్టమనండి." అలా `/m` నుంచి 14 వచ్చాయి.

కేశవులు (కర్నూలు) · ఆదివారం రాత్రి 9:58

నూనె, నెయ్యి తగిలితే థర్మల్ అక్షరం పోతుందని నాకు తెలుసు, మీ పెట్టెల్లో బిల్లు వేస్తున్నారని మాత్రం తెలియదు. ఎండకు కూడా పోతుంది. మన దగ్గర మే నెలలో కారు అద్దం దగ్గర పెట్టిన బిల్లు సాయంత్రానికి నల్లగా కమిలిపోతుంది. బిల్లు మీద అక్షరాల్లో పేరు అలాగే ఉంచండి, ఖర్చేమీ లేదు కదా.

సుబ్బారెడ్డి (ప్రొద్దుటూరు) · ఆదివారం రాత్రి 10:15

వెబ్‌సైట్‌లో పెడితే నూటికి 5 తగ్గింపు అని ప్రకటించండి, ఇంకా పెరుగుతాయి. నేను గ్రూప్ తీసేసి కమ్యూనిటీ పెట్టాను, హసీనమ్మ మాట విని. 380 మందిలో 210 మంది చేరారు. తగ్గినా మనసుకు నిమ్మళంగా ఉంది.

హసీనా (కడప) · ఆదివారం రాత్రి 10:30

మంచి పని చేశారన్నా. తగ్గింపు మాత్రం నాకు నచ్చలేదు. 19 ఏళ్లుగా ఎండలో నడిచి వచ్చి కొనే ఆవిడకు ఎక్కువ ధర, ఫోన్‌లో నొక్కినవాళ్లకు తక్కువా? ఆవిడే కదా ఆ లింక్‌ను కొడుక్కి పంపింది.

పద్మావతి (అనంతపురం) · ఆదివారం రాత్రి 10:44

మా ఇంట్లోనూ ఇదే వాదన నడుస్తోంది, ఇంకా తేలలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరు లింక్ చూసి కూడా ఫోన్ చేసి "నువ్వే రాసుకో పద్మా" అంటారు. పెద్దవాళ్లు, కాదనలేను. రాసుకుంటున్నాను. మీలో ఎవరైనా ఫోన్ ఆర్డర్లు పూర్తిగా మానేశారా? ఎలా చెప్పారు?

వసుంధర (ధర్మవరం) · సోమవారం ఉదయం 6:40

మానకండమ్మా. నాలాంటివాళ్లు ఫోన్ చేస్తే రాసుకుని, అడ్రస్ ఒక్కటి మాత్రం "మీ అబ్బాయిని వాట్సాప్‌లో పెట్టమనండి" అని అడగండి. తప్పు పోయేది అడ్రసే కదా.

ఇమ్రాన్ (కడప) · సోమవారం ఉదయం 9:05

ఆ అబ్బాయి మెసేజ్ పెట్టగానే గ్రీటింగ్‌లో లింక్ కూడా వెళ్తుంది, వచ్చేసారి తనే పెట్టుకుంటాడు.

పద్మావతి గారూ, ఒక్క జాగ్రత్త. ఉగాదికి సైట్ కొత్తగా మారుస్తామని మీ పిల్లోడు అంటే ఆ నాలుగు `Redirect` లైన్లు, ముఖ్యంగా `/p`, తీసేయవద్దని చెప్పండి. మీ పెట్టెలు బెంగళూరులో ఎన్ని ఇళ్లలో పప్పుల డబ్బాలుగా వాడుతున్నారో, ఆ స్టిక్కర్లన్నీ ఇంకా మూతల మీదే ఉంటాయి.